ఒకే పరీక్షకు ఒకరికి రూ.1,000.. మరొకరికి రూ.9,500! ఫీజుల్లో ఇంత తేడా ఎందుకు? డాలర్లలో కడితే అసలు ఎంత పడుతుంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: నోటిఫికేషన్ రాగానే విద్యార్థులు ముందుగా చూసేది సిలబస్, పరీక్ష తేదీ. తల్లిదండ్రులు చూసేది మాత్రం ఫీజు. అయితే ఆ ఫీజు కాలమ్‌లో ఒక్క అంకె ఉండదు. జనరల్‌కు ఒకటి, ఓబీసీకి ఒకటి, ఎస్సీ ఎస్టీలకు ఇంకొకటి ఉంటుంది. పరీక్ష కేంద్రం విదేశంలో ఉంటే వేరు, పాస్‌పోర్టు విదేశానిదైతే మరొకటి. కొన్నిచోట్ల రూపాయిలు కాదు, డాలర్లు కనిపిస్తాయి. చివరికి ఖాతాలోంచి కట్ అయ్యే మొత్తం వీటిలో దేనితోనూ సరిపోలదు.

ఈ తేడాలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ వాటి వెనుక ఉన్న లెక్కలు వేర్వేరు. కేటగిరీని బట్టి తగ్గేది రాయితీ. కేంద్రాన్ని బట్టి పెరిగేది ఖర్చు. పౌరసత్వాన్ని బట్టి మారేది అర్హత. ఇక కరెన్సీ వల్ల పెరిగేది బ్యాంకుల వాటా. ఏ పరీక్షలో ఏ లెక్క నడుస్తుందో తెలియకపోతే నష్టపోయేది విద్యార్థే. ఎందుకంటే తప్పు ఆప్షన్ పెట్టి ఎక్కువ కట్టిన డబ్బు చాలా సందర్భాల్లో వెనక్కి రాదు.

ఒక తండా అమ్మాయి.. దుబాయ్‌లో మేనమామ కొడుకు

ఒక ఉదాహరణ చూద్దాం. మహబూబాబాద్ జిల్లాలోని ఓ తండాలో ఇంటర్ బైపీసీ చదివిన అమ్మాయి ఉందనుకుందాం. ఎస్టీ కేటగిరీ. ఆమె మేనమామ దుబాయ్‌లో పని చేస్తున్నారు. ఆయన కొడుకూ అక్కడే చదువుకుంటున్నాడు. ఇద్దరూ నీట్ రాయాలి. ఇద్దరిదీ ఒకే తెగ, ఇద్దరూ భారత పౌరులే.

నీట్ యూజీ 2025 ఫీజు ఇలా ఉంది. జనరల్ అభ్యర్థులకు రూ.1,700. ఈడబ్ల్యూఎస్, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వారికి రూ.1,600. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, థర్డ్ జెండర్ అభ్యర్థులకు రూ.1,000. విదేశీ కేంద్రం ఎంచుకుంటే అందరికీ రూ.9,500.

అంటే తండాలో ఉన్న అమ్మాయి వరంగల్ సెంటర్ పెట్టుకుంటే రూ.1,000 కడుతుంది. దుబాయ్‌లో ఉన్న అబ్బాయి అక్కడి సెంటర్ పెట్టుకుంటే రూ.9,500 కట్టాలి. అతడు కూడా ఎస్టీనే అయినా విదేశీ కేంద్రం విషయంలో ఆ రాయితీ వర్తించదు. ఇక్కడ జనరల్ అభ్యర్థికి తేడా ఐదున్నర రెట్లు అయితే, ఎస్టీ అభ్యర్థికి తొమ్మిదిన్నర రెట్లు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నీట్‌లో రూ.9,500 పడేది పౌరసత్వాన్ని బట్టి కాదు, విదేశంలో ఉంటున్నందుకూ కాదు. ఎంచుకున్న పరీక్ష కేంద్రాన్ని బట్టే పడుతుంది. అదే దుబాయ్ అబ్బాయి సెలవులకు ఊరికి వచ్చి వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో పరీక్ష రాస్తానంటే ఇక్కడి ఫీజే. అయితే విమాన టికెట్ ఖర్చు ముందు రూ.8,500 తేడా పెద్దది కాకపోవచ్చు. ఆ లెక్క కుటుంబమే వేసుకోవాలి.

విదేశీ సెంటర్‌కు అంత ఎందుకు?

నీట్ ఇప్పటికీ పెన్ను, పేపర్ మీద రాసే పరీక్షే. ప్రశ్నపత్రాలు సీల్ చేసి దేశం దాటించాలి. అక్కడ భద్రంగా దాచాలి. పరిశీలకులు ఉండాలి. రాసిన ఓఎంఆర్ షీట్లు తిరిగి తేవాలి. అక్కడి స్కూలు భవనానికి, సిబ్బందికి ఆ దేశపు ధరల్లో చెల్లించాలి. వరంగల్‌లో ఒక సెంటర్‌లో వందల మంది రాస్తే ఆ ఖర్చు వందల మందికి పంచుకోవచ్చు. విదేశంలోని సెంటర్‌లో రాసేవాళ్లు తక్కువైతే ఒక్కొక్కరి మీద పడే భారం ఎక్కువవుతుంది.

2021లో తొలిసారి కువైట్, దుబాయ్‌లలో నీట్ కేంద్రాలు పెట్టారు. అప్పుడు దేశంలో జనరల్ ఫీజు రూ.1,500 కాగా బయట రూ.7,500. అంటే సరిగ్గా ఐదు రెట్లు. 2022లో రూ.8,500, 2023లో రూ.9,500 అయింది. 2024లో ముందుగా విదేశీ కేంద్రాలు లేకుండానే దరఖాస్తులు మొదలయ్యాయి. గల్ఫ్‌లోని కుటుంబాల నుంచి విజ్ఞప్తులు రావడంతో తర్వాత 14 విదేశీ నగరాలను చేర్చారు. అప్పటికే ఇండియా సెంటర్ పెట్టి ఫీజు కట్టేసినవారు సెంటర్ మార్చుకుని, మిగతా తేడా చెల్లించాల్సి వచ్చింది.

అన్ని పరీక్షలకూ ఇదే పద్ధతి ఉండదు. జేఈఈ మెయిన్ 2024 చూడండి. దేశంలో జనరల్ అబ్బాయికి రూ.1,000, అమ్మాయికి రూ.800. విదేశంలో రాస్తే వరుసగా రూ.5,000, రూ.4,000. ఎస్సీ, ఎస్టీలకు ఇక్కడ రూ.500, అక్కడ రూ.2,500. అంటే ఐదు రెట్లు చేశారు కానీ రాయితీని మాత్రం అలాగే ఉంచారు. ఈ రెండు పరీక్షలనూ నిర్వహించేది ఒకే సంస్థ, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ. ఒక పరీక్షలో సముద్రం దాటినా రాయితీ ఉంటుంది, మరో పరీక్షలో ఉండదు. కాబట్టి కేంద్రం ఖర్చు ఒక్కటే కారణం అనుకుంటే సరిపోదు. రాయితీ ఎక్కడిదాకా ఇవ్వాలన్నది నిర్వాహకులు తీసుకునే నిర్ణయం.

ఇక దేశం లోపల మాత్రం కేంద్రాన్ని బట్టి నీట్, జేఈఈ ఫీజు మారదు. భూపాలపల్లి విద్యార్థి వరంగల్ పెట్టుకున్నా, హైదరాబాద్ పెట్టుకున్నా అదే మొత్తం. కానీ దూరం ఖర్చు ఎక్కడికీ పోదు. మహబూబాబాద్, జనగామ వాళ్లకు కనీసం రైలుంది. భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లకు బస్సే దిక్కు. ఉదయం షిఫ్ట్ పడితే ముందురోజు రాత్రే బయల్దేరాలి, తోడుగా ఇంకొకరు రావాలి. ఫీజు కాలమ్‌లో కనిపించని ఈ ఖర్చు ఒక్కోసారి ఫీజునే దాటిపోతుంది.

కేటగిరీ రాయితీ: ఒకే సర్టిఫికెట్, మూడు ఫలితాలు

కేటగిరీ ఫీజుకు పరీక్ష ఖర్చుతో సంబంధం లేదు. ఎవరు రాసినా ఓఎంఆర్ షీట్ ఖరీదు ఒకటే. చదువుకు దూరంగా ఉండిపోయిన వర్గాలకు ఫీజే అడ్డంకి కాకూడదన్న ప్రభుత్వ విధానం వల్ల ఈ రాయితీ వచ్చింది. కానీ ఎవరికి, ఎంత అన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా తీసుకుంటుంది.

జనగామకు చెందిన ఒక బీసీ విద్యార్థిని తీసుకుందాం. నీట్‌కు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కింద వస్తే రూ.1,600, అంటే రూ.100 తగ్గింపు. అదే విద్యార్థి 2025లో తెలంగాణ ఎప్‌సెట్‌కు ఒక స్ట్రీమ్‌లో దరఖాస్తు చేస్తే రూ.900 కట్టాలి. ఓసీ విద్యార్థి కట్టేదీ అంతే. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.500, మిగతా అందరికీ రూ.900. బీసీకి విడిగా స్లాబ్ లేదు. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో మాత్రం ఓసీకి రూ.600, బీసీకి రూ.550, ఎస్సీ ఎస్టీలకు రూ.500.

ఉద్యోగ పరీక్షల్లో లెక్క మళ్లీ మారుతుంది. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో టీజీపీఎస్సీ రూ.200 దరఖాస్తు ప్రాసెసింగ్ ఫీజును అందరి నుంచీ తీసుకుంది. రూ.120 పరీక్ష ఫీజు నుంచి మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు, నిరుద్యోగులకు మినహాయింపు ఇచ్చింది. అయితే ఇతర రాష్ట్రాల ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఆ మినహాయింపు లేదు. అంటే దేశం లోపలే ఒక రకం 'పౌరసత్వ' తేడా ఉందన్నమాట. సరిహద్దు అవతల పుట్టిన అదే కులం అభ్యర్థి పూర్తి ఫీజు కట్టాలి.

ఇక్కడ జరిగే అసలు పొరపాటు సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర పరీక్షల్లో ఓబీసీ అయిపోరు. ఆ కులం కేంద్ర జాబితాలో ఉండాలి. కుటుంబం క్రీమీలేయర్ కింద రాకూడదు. సర్టిఫికెట్ కేంద్రం ఇచ్చిన నమూనాలో ఉండాలి. మీసేవలో తీసుకున్న మామూలు కుల ధ్రువీకరణ పత్రం చూపిస్తే చాలదు.

రూ.700 పోయేది ఎక్కడంటే..

మళ్లీ తండా అమ్మాయి దగ్గరికి వద్దాం. ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపించారనుకుందాం. కులం సర్టిఫికెట్ నంబర్ చేతిలో లేదు. 'ఇప్పటికి జనరల్ పెడదాం, తర్వాత కరెక్షన్‌లో మార్చుకోవచ్చులే' అని నింపేశారు. రూ.1,700 కట్టేశారు. తర్వాత కరెక్షన్ విండో తెరిచినప్పుడు కేటగిరీని ఎస్టీగా మార్చారు. రిజర్వేషన్ హక్కు నిలబడింది. కానీ ఎక్కువ కట్టిన రూ.700 మాత్రం తిరిగి రాదు.

ఎన్‌టీఏ నిబంధన ఇది: కరెక్షన్ వల్ల ఫీజు పెరిగితే తేడా కట్టాలి, తగ్గితే మాత్రం రీఫండ్ ఉండదు. అంటే ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. ఓబీసీ అని పెట్టి, సర్టిఫికెట్ రాక జనరల్‌కు మారితే రూ.100 అదనంగా కట్టించుకుంటారు. జనరల్ నుంచి ఎస్టీకి మారితే రూ.700 వదులుకోవాల్సిందే. అందుకే పేమెంట్ బటన్ నొక్కే ముందు ఒక్కసారి స్క్రీన్ మీద కేటగిరీ, దాని కింద మొత్తం చూసుకోండి. ఎస్సీ ఎస్టీ విద్యార్థికి నీట్ పేజీలో రూ.1,000 కాకుండా వేరే అంకె కనిపిస్తోందంటే, ఫారంలో ఎక్కడో తప్పు ఉన్నట్టే.

ఈ డబ్బంతా ఎవరు భరిస్తున్నారు?

యూపీఎస్సీ సివిల్స్‌కు ఫీజు రూ.100 మాత్రమే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అదీ లేదు. ఎందుకంటే ఆ పరీక్ష ఖర్చు ప్రభుత్వ బడ్జెట్ నుంచి వస్తుంది. ఎన్‌టీఏ పరిస్థితి వేరు. అది ప్రధానంగా అభ్యర్థుల ఫీజుల మీదే నడుస్తుంది. కాబట్టి ఒకరికి ఇచ్చే తగ్గింపును మరొకరి ఫీజు మోస్తుంది.

మరి వసూలు చేసేది ఖర్చుకు సరిపడా మాత్రమేనా? 2024 జులైలో రాజ్యసభకు కేంద్రం ఇచ్చిన సమాధానం ప్రకారం, ఆరేళ్లలో ఎన్‌టీఏకు సుమారు రూ.3,513 కోట్లు వచ్చాయి, సుమారు రూ.3,065 కోట్లు ఖర్చయ్యాయి. అంటే దాదాపు రూ.448 కోట్లు మిగిలాయి. ఈ అంకెలు ఉండగా, విదేశీ కేంద్రంలో ఎస్సీ ఎస్టీ విద్యార్థికి రాయితీ ఇవ్వలేం అనడానికి ఖర్చు ఒక్కటే కారణంగా చూపడం కష్టం. రూ.9,500లో కేంద్రం అద్దె ఎంత, రవాణా ఎంత, సిబ్బందికి ఎంత అన్న వివరం సమాచార బులెటిన్‌లో ఉండదు. ఆ వివరం ఇస్తే వాదనకే తావుండదు.

పాస్‌పోర్టును బట్టి మారే ఫీజు

ఇప్పుడు నీట్‌కు పూర్తి భిన్నంగా ఉండే పరీక్ష చూద్దాం. జేఈఈ అడ్వాన్స్‌డ్ 2025లో భారత పౌరులకు రూ.3,200. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.1,600. విదేశీ పౌరులకు మాత్రం డాలర్లలో ఉంటుంది. సార్క్ దేశాల్లో నివసించేవారికి 100 డాలర్లు, మిగతా దేశాల్లో ఉండేవారికి 200 డాలర్లు. ఇక్కడ కీలకం కేంద్రం కాదు, పౌరసత్వం, నివాసం.

ఇది మన జిల్లాల వాళ్లకు ఎక్కడ తగులుతుంది? అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పిల్లలు అక్కడ పుట్టాక తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో, హన్మకొండలోనో స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. పిల్లలు ఇక్కడే పెరిగారు, ఇక్కడే ఇంటర్ చదివారు. కానీ పాస్‌పోర్టు అమెరికాది. చేతిలో ఓసీఐ కార్డు ఉంటుంది.

ఓసీఐలకు ఫీజును తేల్చేది ఒక తేదీ: 2021 మార్చి 4. ఆరోజు కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ విద్యార్థులు ఎన్నారై సీట్లకు, అదనపు సీట్లకు మాత్రమే అర్హులు. దీనిపై సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 3న తీర్పు ఇస్తూ, ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు పొందినవారికి పాత హక్కులు కొనసాగుతాయని చెప్పింది. అందుకే అడ్వాన్స్‌డ్‌లో ఆ తేదీకి ముందు కార్డు వచ్చినవారిని భారత పౌరులతో సమానంగా చూస్తారు. తర్వాత వచ్చినవారు విదేశీయుల కింద లెక్క.

ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములను ఊహించుకోండి. అన్నకు 2019లో ఓసీఐ కార్డు వచ్చింది, అతని ఫీజు రూ.3,200. తమ్ముడికి 2021 జూన్‌లో వచ్చింది. ఇక్కడే ఉంటున్నా, భారత్ సార్క్ దేశమే కాబట్టి 100 డాలర్లు. డాలర్ రూ.85 అనుకుంటే రూ.8,500. పుట్టిన దేశం, చదివిన కాలేజీ, రాసే సెంటర్ అన్నీ ఒకటే. కార్డు మీద ఉన్న తేదీ ఒక్కటే వేరు. తమ్ముడికి ఫీజుతో పాటు సీట్ల కేటాయింపులో కూడా తేడా ఉంటుంది కాబట్టి, ఆ కుటుంబానికి ఫీజు కంటే అదే పెద్ద విషయం.

డాలర్ ఫీజు: స్క్రీన్ మీద ఒకటి, ఖాతాలో ఒకటి

ఫీజు డాలర్లలో ఉందంటే కట్టాల్సిన మొత్తం రోజుకో రకంగా ఉంటుంది. డాలర్ విలువ 2024 డిసెంబరులో రూ.85 దాటింది. 2025 డిసెంబరులో రూ.90 దాటింది. 200 డాలర్ల ఫీజు అలాగే ఉన్నా, మనకు రూ.17,000 నుంచి రూ.18,000 అయింది. నిర్వాహకులు ఒక్క డాలర్ కూడా పెంచలేదు. రూపాయి పడిపోయింది, అంతే.

ఇదే కథ గల్ఫ్ వైపు నుంచి చూస్తే తిరగబడుతుంది. నీట్ విదేశీ ఫీజు రూ.9,500 రూపాయిల్లోనే ఉంటుంది. యూఏఈ దిర్హం విలువ డాలర్‌తో కట్టేసి ఉంటుంది, ఒక డాలర్‌కు 3.6725 దిర్హంలు. డాలర్ రూ.85 ఉన్నప్పుడు రూ.9,500 అంటే సుమారు 410 దిర్హంలు. రూ.90 అయితే 388 దిర్హంలే. అంటే రూపాయి పడిపోతే హన్మకొండలో డాలర్ ఫీజు కట్టే తండ్రికి భారం, దుబాయ్‌లో రూపాయి ఫీజు కట్టే మేనమామకు కాస్త లాభం. ఫీజు ఏ కరెన్సీలో నిర్ణయించారన్నది చూస్తేనే ఎవరి మీద రిస్క్ ఉందో తెలుస్తుంది.

మారకం రేటు ఒక్కటే అయితే లెక్క తేలికే. దాని మీద బ్యాంకు తన వాటా కలుపుతుంది. 200 డాలర్లు కార్డుతో కట్టారనుకుందాం. ఆరోజు కార్డు నెట్‌వర్క్ రేటు రూ.85. అసలు మొత్తం రూ.17,000. బ్యాంకు ఫారెక్స్ మార్కప్ 3.5 శాతం అయితే రూ.595. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ రూ.107. మొత్తం రూ.17,702. అదే మార్కప్ 2 శాతం ఉన్న కార్డు వాడితే రూ.17,401తో అయిపోతుంది. ఒకే ఫీజుకు, ఒకే రోజు, కార్డు మారితే రూ.300 తేడా.

మీ కార్డు ఎంత వసూలు చేసిందో కనుక్కోవడం పెద్ద పనేం కాదు. స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తం రూపాయిలను డాలర్లతో భాగించండి. పై ఉదాహరణలో 17,702ను 200తో భాగిస్తే 88.51 వస్తుంది. మార్కెట్ రేటు 85 అయితే మీరు డాలర్‌కు మూడున్నర రూపాయిలు అదనంగా ఇచ్చినట్టు. ఒక్కోసారి కట్టిన వెంటనే వచ్చే ఎస్ఎంఎస్‌లో ఒక అంకె, రెండు మూడు రోజుల తర్వాత స్టేట్‌మెంట్‌లో మరో అంకె ఉంటుంది. కంగారు పడొద్దు. ముందు వచ్చేది డబ్బు పక్కన పెట్టినట్టు చెప్పే అంచనా, తర్వాత వచ్చేది నిజంగా సెటిల్ అయిన రోజు రేటు. అందుకే ఖాతాలో సరిగ్గా ఫీజుకు సరిపడా కాకుండా కొంచెం ఎక్కువే ఉంచుకోవాలి.

'రూపాయిల్లో కడతారా?' అని అడిగితే..

కొన్ని విదేశీ సైట్లు పేమెంట్ పేజీలో ఒక ఆప్షన్ చూపిస్తాయి: 'డాలర్లలో కడతారా, మీ కరెన్సీలో కడతారా?' రూపాయి అంటే మనకు తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి చాలామంది దాన్నే నొక్కుతారు. కానీ అప్పుడు రేటు పెట్టేది మీ బ్యాంకు కాదు, అవతలివైపు పేమెంట్ సంస్థ. ఆ రేటు మార్కెట్ కంటే 5 శాతం ఎక్కువగా ఉందనుకుంటే రూ.17,000 కాస్తా రూ.17,850 అవుతుంది. వ్యాపారి విదేశంలో ఉన్నాడు కాబట్టి కొన్ని బ్యాంకులు దాని మీద కూడా ఒక శాతం దాకా చార్జీ, జీఎస్టీ వేస్తాయి. అప్పుడు రూ.18,060 దాకా వెళ్తుంది. అందుకే పేజీలో చూపించే రేటును ఆరోజు డాలర్ రేటుతో పోల్చి చూడాలి. ఎక్కువ సందర్భాల్లో డాలర్ ఆప్షనే చౌక.

ఇంకో రకం ఉంది. అది మార్పిడి కాదు, దేశానికో ధర. జీఆర్ఈ ఫీజు 2023-24లో చాలా దేశాల్లో 220 డాలర్లు ఉంటే, భారత్‌లో రూ.22,550గా నిర్ణయించారు. భాగిస్తే డాలర్‌కు రూ.102.50 పడినట్టు. అప్పటి మార్కెట్ రేటు సుమారు రూ.83 మాత్రమే. దాని ప్రకారం రూ.18,260 అవుతుంది. దానికి 18 శాతం పన్ను కలిపి చూసినా రూ.21,547. ఇలాంటి స్థిర ధరలో కట్టేవారికి ఒక లాభం ఉంది: స్క్రీన్ మీద కనిపించిందే కట్ అవుతుంది, కార్డు మార్కప్ భయం తక్కువ. నష్టం ఏంటంటే, రూపాయి బలపడినా ఆ ధర దానంతట అది తగ్గదు.

రీఫండ్ వస్తే పూర్తిగా రాదు

డాలర్లలో కట్టి, పరీక్ష రద్దు చేసుకుంటే ఏం జరుగుతుంది? 200 డాలర్లూ వెనక్కి ఇచ్చారనుకుందాం. కానీ ఆ రోజు రేటు రూ.83కి తగ్గితే ఖాతాలో పడేది రూ.16,600. మొదట పోయింది రూ.17,702. అంటే రూ.1,100 గాల్లో కలిసిపోయింది. నిర్వాహకులు మోసం చేయలేదు, పూర్తి డాలర్లు ఇచ్చారు. పోయింది రేటు తేడాలోనూ, బ్యాంకు సాధారణంగా తిరిగి ఇవ్వని మార్కప్‌లోనూ.

కార్డు పనిచేయకపోతే?

చివరి రోజు రాత్రి చాలామందికి ఎదురయ్యే సమస్య ఇది. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో పనిచేసే కార్డు విదేశీ సైట్‌లో పనిచేయదు. కారణం బ్యాలెన్స్ కాదు. 2020 మార్చి 16 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశం లోపలి ఏటీఎం, స్వైప్ వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తారు. ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను ఖాతాదారుడే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి, పరిమితి కూడా పెట్టుకోవాలి. మామూలు దేశీయ రూపే కార్డుతో చాలా విదేశీ సైట్లలో పని జరగదు. అందుకే డాలర్ ఫీజు ఉంటే గడువుకు వారం ముందే కార్డు సెట్టింగ్ చూసుకోవాలి.

రూపాయి ఫీజుల్లో ఈ తలనొప్పి తక్కువ. ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంస్థలు నిర్వహించే ప్రవేశ పరీక్షల ఫీజుపై 2023 మార్చి 1 నుంచి జీఎస్టీ లేదు. ఎన్‌టీఏ పరీక్షలూ ఇందులోకి వస్తాయి. బులెటిన్‌లో కనిపించే 'జీఎస్టీ అదనం' అన్న మాట పేమెంట్ ప్రాసెసింగ్ చార్జీల మీద పడేది. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారి చార్జీ లేదు కాబట్టి సాధారణంగా వాటితో కడితేనే అదనం తక్కువ. దుబాయ్ మేనమామకు కూడా ఇదే దారి: అక్కడి కార్డుతో కడితే అక్కడి బ్యాంకు మార్పిడి చార్జీ వేస్తుంది. ఇక్కడున్న బంధువు యూపీఐతో కడితే ఆ రూ.9,500 మీద మార్పిడి ఖర్చే ఉండదు.

డబ్బు కట్ అయింది, కన్ఫర్మేషన్ పేజీ రాలేదంటే దరఖాస్తు పూర్తి కానట్టే. డెబిట్ ఎస్ఎంఎస్ రుజువు కాదు. విఫలమైన దేశీయ ఆన్‌లైన్ చెల్లింపు ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఇది 2019లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధన. ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ గడువు దాటనివ్వకుండా, పోర్టల్‌లో స్టేటస్ చూసి అవసరమైతే మళ్లీ కట్టడమే మేలు. విఫలమైన మొత్తం వెనక్కి వస్తుంది, దాటిపోయిన గడువు రాదు.

చివరగా ఒక్క మాట. నోటిఫికేషన్ చూసినప్పుడు 'ఫీజు ఎంత?' అని కాకుండా 'ఈ ఫీజు దేన్ని బట్టి?' అని అడగండి. కులాన్ని బట్టి అయితే సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకోండి. కేంద్రాన్ని బట్టి అయితే ప్రయాణ ఖర్చుతో పోల్చుకోండి. పాస్‌పోర్టును బట్టి అయితే కార్డు మీద తేదీ చూడండి. కరెన్సీని బట్టి అయితే కార్డు మార్కప్ కనుక్కోండి. ఆ తర్వాతే పే బటన్ నొక్కండి.